నెమలికంఠం రంగు మగ్గు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ మాట నేను చెప్పుకోనక్కర్లేదు, షాద్‌నగర్‌లో మా ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎవరినడిగినా చెప్తారు. నా పేరు అండాలు. బకెట్లు, మగ్గులు, టబ్బులు, మూతల డబ్బాలు పోసే ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో రంగుల ల్యాబ్ నాది. రంగు గింజలు కలిపి ముందు చిన్న బిళ్ళ పోయిస్తాను. దాన్ని రంగు కొలిచే మిషన్ కింద పెడతాను. నేను సరే అంటే మిషన్లు తిరుగుతాయి, కాదంటే ఆగుతాయి. పని ఆపే మనిషి ఎవరికి నచ్చుతుంది చెప్పండి? ఇన్నేళ్ళుగా మధ్యాహ్నం టిఫిన్ డబ్బా నేనొక్కదాన్నే విప్పుకుంటున్నాను.

ఇంటి దగ్గరా అంతే. మా ఆయన బక్కయ్య పోయాడు, పిల్లలు లేరు. స్టేషన్ వైపు కిరాయి గదిలో ఉంటాను. సాయంత్రం తాళం తీయగానే టీవీ పెడతాను. చూడను. ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉండాలి కదా, అందుకు.

మా యజమాని శివకృష్ణ కుర్రవాడే, మంచివాడు కూడా. వాళ్ళ నాయిన చేతుల్లోంచి ఫ్యాక్టరీ తీసుకున్నాక, దుకాణాలకు సరుకు వేసి కూర్చుంటే లాభం లేదని "జోడి" అని పేరు పెట్టి ఫోన్లలో అమ్మడం మొదలుపెట్టాడు. బకెట్టుకు జతగా మగ్గు, మగ్గుకు జతగా పీట, అన్నీ ఒకే రంగు. రంగు కలిస్తేనే జోడి. ముఖ్యమైన రంగు నెమలికంఠం. నీలమూ ఆకుపచ్చా సగం సగం కలిసిన ముదురు రంగు, దాని మీద లేత పసుపు చాయ ఉన్న తెల్ల మూత. ఆ నెమలికంఠం కుదరడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

అన్ని వస్తువులకూ, అన్ని సైజులకూ ఫోటోలు తీయించడం అయ్యే పని కాదు. అందుకని శివకృష్ణ భువనగిరిలో అల్మాస్ అనే అమ్మాయిని పెట్టుకున్నాడు. ఆమె ఇంట్లోనే కూర్చుని, ఏం కావాలో కంప్యూటర్‌లోని ఏఐకి మాటల్లో రాసిస్తే అది బొమ్మ తయారు చేసి ఇస్తుంది. స్నానాల గదిలో బకెట్, పెరట్లో టబ్బు, ఏదంటే అది. కానీ మొదటి నెలలోనే సరుకు తిరిగి రావడం మొదలైంది. బొమ్మలో బకెట్టు ఒక రంగు, మగ్గు ఇంకో రంగు, ఇంటికొచ్చింది మూడో రంగు అని జనం తిట్టిపోశారు. శివకృష్ణ ల్యాబ్‌కు వచ్చి, రంగు సంగతి మీకంటే ఎవరికి తెలుసు, ఇకనుంచి ప్రతి బొమ్మా మీరు చూసి సరే అన్నాకే అమ్మకానికి ఎక్కిస్తాం అన్నాడు. నా బిళ్ళల పని చాలదన్నట్టు ఇదొకటి.

అల్మాస్‌తో నా మొదటి మాటే తిట్టు. శివకృష్ణ ఆమెకు రంగు కోడ్ ఇచ్చాడు, #0E7C7B అని. నా బిళ్ళను కొలిచి తీసిన కోడే అది. ముందు రెండక్షరాలు ఎరుపు, మధ్యవి ఆకుపచ్చ, చివరివి నీలం. ఎరుపు దాదాపు లేదు, మిగతా రెండూ ఇంచుమించు సమానం అని దానర్థం. ఆ పిల్ల కోడ్ ఒక్కటే రాసి ఊరుకుంది. ఏఐకి ఆ అంకెలు రంగు డబ్బా మీది నంబరులాగా ఖచ్చితంగా తెలియవు, సుమారుగా ఊహించుకుంటుంది. ఒక బకెట్ నీలంగా వచ్చింది, ఇంకోటి పాచి రంగులో వచ్చింది. మూడో దాని పొట్ట మీద ఆ కోడే పెద్ద పెద్ద అక్షరాలతో అచ్చయి వచ్చింది. ఫోన్ చేసి, బకెట్ మీద ఆ రాతేందమ్మా, రైలు డబ్బానా అది అని కడిగేశాను.

మర్నాడు కోడ్ తీసేసి మాటలు రాసింది. నెమలి మెడ రంగు బకెట్ అని ఇంగ్లీషులో రాసిందట. ఇంకేముంది, ప్రతి బకెట్ పక్కనా ఒక నెమలి. ఒకటైతే బకెట్ అంచు మీద కూర్చుని నీళ్ళు తాగుతోంది. నాకు ఒళ్ళు మండి ఫోన్ చేశానా, తిడుతూ తిడుతూ మధ్యలో నవ్వొచ్చేసింది. అవతల ఆ పిల్ల కూడా భయం భయంగా నవ్వింది. నా గదిలో నవ్వు వినపడి ఎన్నాళ్ళయిందో.

ఆ తర్వాత ఇద్దరం కూర్చుని దారిలో పెట్టాం. కూర్చుని అంటే, ఆమె భువనగిరిలో, నేను షాద్‌నగర్‌లో. కోడూ కావాలి, మాటలూ కావాలి. మాటల్లో నెమళ్ళూ పండ్లూ రాకూడదు, వస్తువు పేరు రాస్తే ఆ వస్తువు బొమ్మలోకి నడిచొస్తుంది. రంగును రంగుగానే చెప్పాలి: ముదురు నీలి ఆకుపచ్చ, రెండూ సమానం, మెరుపు లేని నున్నటి ప్లాస్టిక్, ఆ పక్కన కోడ్. ఏ రంగు ఏ భాగానిదో విడదీసి రాయాలి, లేకపోతే బకెట్ రంగు మూతకు అంటుకుంటుంది. వెనక గోడ లేత బూడిద. వెలుతురు తెల్లగా, మెత్తగా, ఏ చాయా లేకుండా ఉండాలి. సాయంత్రపు ఎండ అని రాశారంటే అందంగానే ఉంటుంది, కానీ ఎరుపు పెరిగి నీలం తగ్గి మన రంగు చచ్చూరుకుంటుంది.

ఇంకో తప్పు కూడా పట్టుకున్నాను. నిన్నటి బొమ్మ బాగా వచ్చిందని, దాన్నే నమూనాగా చూపించి ఇవాళ్టిది చేయించేది. ఇవాళ్టిది చూపించి రేపటిది. జిరాక్సుకు జిరాక్సు తీసినట్టు రంగు రోజూ కొంచెం జరిగిపోయేది. ఏ రోజుకారోజు తేడా తెలియదు. ఎప్పుడూ నా బిళ్ళ ఫోటోనే నమూనాగా పెట్టమన్నాను. ఇంత చేసినా అణువంత తేడా మిగిలితే, ప్లాస్టిక్ భాగం వరకే ఎంచుకుని కోడ్‌కు సరిదిద్దడం ఆమె పని. నీడా మెరుపూ లేని చోట, ఒక చుక్క కాకుండా చుట్టుపక్కల కొంత కలిపి రంగు కొలవడం నా పని. కోడ్‌కు దగ్గరగా వస్తే "ఓకే" అని పెట్టేదాన్ని. అంతే, ఒక్క ముక్క.

అలా కుదురుకున్నాక బొమ్మలన్నీ నిక్కచ్చిగా రావడం మొదలైంది. ప్రతి శనివారం బొమ్మల కట్ట ఒకటి పంపేది. ఓకే, ఓకే, ఓకే. తిట్టడానికి ఏమీ లేదు. పని బాగా అవుతుంటే సంతోషపడాలి కదా, నాకేమో ఏదో పోగొట్టుకున్నట్టు ఉండేది.

సరిగ్గా అప్పుడే మళ్ళీ తప్పు మొదలైంది. కట్టలో చివర ఒక మగ్గు. ఎప్పుడూ మగ్గే. మిగతావన్నీ కడిగిన ముత్యాల్లా ఉంటాయి, ఆ మగ్గు మాత్రం పచ్చబారి ఉంటుంది. నేను వాయిస్ మెసేజ్ పెట్టేదాన్ని. ఒక మగ్గుకు ఎంతసేపు తిట్టవచ్చో అంతసేపు తిట్టేదాన్ని. మగ్గు నుంచి మా ల్యాబ్‌లో ఏసీ పాడైన సంగతికి, అక్కడినుంచి క్యాంటీన్ పప్పులో నీళ్ళకు, అక్కడినుంచి మోకాళ్ళ నొప్పికి వెళ్ళిపోయేది మాట. సాయంత్రానికి ఆమె జవాబు వచ్చేది. తప్పయింది అక్కా, సరిచేసి పంపుతున్న అనేది. మోకాళ్ళకు ఏం రాసుకోవాలో చెప్పేది. వాళ్ళ కిటికీలోంచి గుట్ట మీది ఖిల్లా కనిపిస్తుందట, దాని మీద మబ్బు ఎలా ఉందో చెప్పేది. టీవీ కట్టేసి వినేదాన్ని. నిజం చెప్పొద్దూ, శనివారం కట్ట తెరవగానే నా కన్ను ముందు ఆ మగ్గు మీదికే వెళ్ళేది.

ఇలా ఉండగా శివకృష్ణ హైదరాబాదులో ఒక ప్రోగ్రాం రాయించుకొచ్చాడు. బొమ్మ ఇస్తే చాలు, వస్తువు ఎక్కడుందో అదే పట్టుకుని, రంగు కొలిచి, కోడ్‌కు ఎంత తేడా ఉందో అంకె చెప్తుంది. హద్దు దాటితే అదే వెనక్కి పంపేస్తుంది. మీకు పని బరువు తగ్గిందమ్మా అన్నాడు సంతోషంగా. పరీక్ష కోసం పాత కట్టలన్నీ, మొదటిసారి పంపినవి పంపినట్టే, దానికి వేశాడు. ఫలితం పట్టుకుని నా దగ్గరికి వచ్చేసరికి అతని మొహంలో సంతోషం లేదు.

"అండాలమ్మా, కొన్ని నెలల సంది ప్రతి కట్టలో ఒకటి ఫెయిల్. ఇన్ని నెలలైనా గదే మగ్గు తప్పు చేస్తాందంటే ఆమెకు పని మీద ధ్యాస లేదు. వచ్చే నెల నుంచి వేరే మనిషిని చూస్తున్న."

సరే అనలేదు, కాదననూ లేదు. సోమవారం చెప్తానన్నాను. అతను వెళ్ళాక ఆ మగ్గుల బొమ్మలన్నీ పక్కపక్కన పెట్టుకుని కొలిచాను. ఇలా కలిపి చూడడం ముందే చేయాల్సింది, తిట్లలో పడి చేయలేదు. ఒకదాని మీద #2E7D5E వచ్చింది, ఇంకోదాని మీదా ఇంచుమించు అదే. అన్నిట్లో ఎరుపు పెరిగింది, నీలం తగ్గింది. మగ్గే కాదు, వెనక బూడిద గోడ కూడా పచ్చబారింది. అంటే రంగు మారలేదు, వెలుతురు మారింది. ఏఐ తప్పు చేస్తే అటోసారి ఇటోసారి పోతుంది. ఒకే చోట, ఒకే వైపు, ఒకే మోతాదులో వచ్చిందంటే అది చేత్తో పెట్టిన తప్పు. కట్టంతా తెల్ల వెలుతురు రాసి, ఒక్క మగ్గుకు మాత్రం సాయంత్రపు ఎండ అని రాస్తోంది ఈ పిల్ల. కావాలనే.

నా ఒంట్లో రక్తం సలసల కాగింది. ఇన్నాళ్ళూ నన్ను వెర్రిదాన్ని చేసి ఆడించిందా? నేను గొంతు చించుకుంటుంటే అవతల కూర్చుని నవ్వుకుందా? ఫోన్ చేసి, మగ్గుకు ఎండ ఎందుకు పెడుతున్నవని ఒకటే మాట అడిగాను. అబద్ధం చెప్తుందనుకున్నాను, చెప్పలేదు.

"అన్ని మంచిగొస్తె మీరు ఓకే అని ఒక్కటే ముక్క పెడ్తరు అక్కా. తప్పుంటే మాట్లాడ్తరు."

మిగతాదీ తనే చెప్పింది. వాళ్ళమ్మ అజ్మత్ బీకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. అల్మాస్‌కు మొగుడితో తెగతెంపులయ్యాక పుట్టింట్లో మిగిలింది వాళ్ళిద్దరే. అమ్మకు తినిపించడం, పక్క మార్చడం, కంప్యూటర్ ముందు కూర్చోవడం. రోజంతా రాసేది ఏఐకి, రాత్రి మాట్లాడేది జవాబివ్వలేని అమ్మకు. నేను పంపిన తిట్లు ఫోన్ గట్టిగా పెట్టి అమ్మకు కూడా వినిపిస్తుందట. నా గొంతు వింటే అజ్మత్ బీ ఎడమ చెయ్యి కదిలిస్తుందట, ఎవరో చుట్టం ఇంటికొచ్చినట్టు.

ఫోన్ పెట్టేశాను. కోపం ఎటు పోయిందో తెలియదు. బాధేసింది. ఆ పిల్ల కోసమా, నా కోసమా అంటే చెప్పలేను. రోజంతా ఎవరూ పలకరించని ఆడవాళ్ళం ఇద్దరం, ఒక ప్లాస్టిక్ మగ్గును అడ్డం పెట్టుకుని మాట్లాడుకున్నాం. అందులో ఒకరికి తెలుసు, ఇంకొకరికి తెలియదు, అంతే తేడా.

సోమవారం శివకృష్ణ గదికి వెళ్ళాను. నిజం చెప్తే అల్మాస్ పని ఆ క్షణమే పోతుంది. కావాలని తప్పు చేసిన మనిషిని ఏ యజమాని ఉంచుకుంటాడు? వాళ్ళమ్మ మందులన్నీ ఆ పని మీదే. నేను చేరిన కొత్తలో మా ల్యాబ్‌లో ఒక పద్ధతి ఉండేది. వంద మంచి బిళ్ళల్లో ఒక చెడ్డ బిళ్ళను చెప్పకుండా కలిపి పెట్టేవాళ్ళు, చూసే మనిషి కన్ను నిద్రపోతోందా మేలుకుని ఉందా అని. అది గుర్తొచ్చింది.

"ఆ మగ్గు నేనే పెట్టిస్తున్న సారూ. నా కన్ను సరిగ పనిచేస్తున్నదా లేదా చూసుకునేతందుకు. ఆమె తప్పేం లేదు. ప్రతిసారి పట్టిన్నా లేదా చూసుకోండ్రి."

అతను చూసుకున్నాడు. ప్రతిసారీ పట్టాను. శివకృష్ణ నవ్వేశాడు. మీరు మామూలు మనిషి కాదమ్మా అన్నాడు. అల్మాస్ పని నిలబడింది. గండం గడిచిందని లేచి తలుపు దాకా వచ్చాను, వెనకనుంచి మెల్లగా అన్నాడు, ఇప్పుడు ప్రోగ్రాం చూసుకుంటుంది కాబట్టి ఆ చెడ్డ మగ్గు ఇక అక్కర్లేదమ్మా, పెట్టొద్దని చెప్పండి, మీరు కూడా బొమ్మలు చూడక్కర్లేదు, బిళ్ళలు చూసుకుంటే చాలు. నేను చెప్పిన అబద్ధానికి అంతకంటే సబబైన జవాబు లేదు. తలూపి వచ్చేశాను.

అల్మాస్‌కు రెండు ముక్కలు రాసి పంపాను: పని పోలేదు, ఇక ఎండ పెట్టకు. సరే అక్కా అని జవాబు వచ్చింది. వాయిస్ కాదు, రాతే.

ఆ శనివారం కట్ట నాకు రాలేదు, ప్రోగ్రాంకు వెళ్ళింది. అన్నీ పాసయ్యాయని శివకృష్ణ పోతూ పోతూ ల్యాబ్‌లో తల పెట్టి చెప్పాడు. ఉండబట్టలేక అతని కంప్యూటర్‌లో ఆ కట్ట తెరిచి చూశాను. చివర మగ్గు ఉంది. అచ్చం నెమలికంఠం, నా బిళ్ళ ఎలా ఉందో అలాగే. కొలవకుండానే తెలిసింది. ఇంత చక్కటి మగ్గును చూసి ఏడుపొచ్చిన మనిషి ఈ షాద్‌నగర్‌లో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

గదికొచ్చి తాళం తీశాను. టీవీ పెట్టాను. ఎవరో వంట చేస్తూ మాట్లాడుతున్నారు. కట్టేశాను. అన్నం వండబుద్ధి కాలేదు. ఫోన్ తీసి వాయిస్ బొత్తం నొక్కి పట్టుకున్నాను. ఏం మాట్లాడాలి? తప్పు లేకుండా మాట ఎక్కడ మొదలుపెడతారో నాకు తెలిస్తే గదా. ఇన్నేళ్ళూ నేను మనుషులతో మాట్లాడిందంతా తప్పు పట్టి మాట్లాడిందే. బొత్తం వదిలేశాను. మళ్ళీ నొక్కాను, మళ్ళీ వదిలేశాను. చివరికి విసుగొచ్చి నేరుగా ఫోన్ చేశాను.

ఒక్క రింగుకే ఎత్తింది.

"ఏది తప్పొచ్చింది అక్కా? ఈసారి ఎండ పెట్టలే. అల్లా కసమ్, అన్నిటికి తెల్ల వెలుతురే రాసిన."

"తప్పేం లేదు. ఊకెనే చేసిన."

ఇద్దరికీ ఇది కొత్త. పెట్టేస్తుందేమోనని భయమేసింది నాకు. పెట్టెయ్యొద్దు అని ఎలా చెప్పాలో తెలియక, అమ్మ తిన్నదా అని అడిగాను. తిన్నదని చెప్పింది. మీరు తిన్నరా అని అడిగింది. లేదు, వండలేదన్నాను.

అంతే, పట్టుకుంది. ఇంత పొద్దుపోయినా తినకపోవడమేంది, మోకాళ్ళ నొప్పులకు గోలీలు వేసుకునే మనిషి ఖాళీ కడుపున ఎట్ల ఉంటది, బియ్యం లేవా ఇంట్లో, పొయ్యి లేదా, ఒక్కదాన్నే కదా, అడిగేటోళ్ళు లేరనుకున్నవా అంటూ నన్ను తిట్టడం మొదలుపెట్టింది. ఆగకుండా తిట్టింది. మధ్యలో "అమ్మా, నువ్వు కూడా చెప్పు" అని వాళ్ళమ్మ వైపు తిరిగి అనడం వినపడింది.

నేను గోడకు ఆనుకుని కింద కూర్చుని, ఫోన్ చెవికి గట్టిగా పెట్టుకుని, అంతా విన్నాను.